దుకాణంలో దీపాలు, ఫోన్‌లో తాళం

2025 మార్చి. రంజాన్ నెల సగం గడిచింది. చార్మినార్ నుంచి పడమటి వైపు పోయే లాడ్‌బజార్‌లో ఆ నెలలో రాత్రి పదకొండు అంటే మామూలు రోజుల్లో సాయంత్రం ఆరు లెక్క. అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. అక్కడ నాకు బాగా తెలిసిన ఒక లక్క గాజుల షాపు ఉంది. ఆ షాపాయన ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "అన్నా, జర వచ్చి పోతవా? ఈ ఫోన్ నా పరువు తీస్తున్నది" అన్నాడు.

వెళ్లాను. ఫోన్ నా చేతిలో పెట్టి ఒక చాట్ చూపించాడు. ముందు రోజు రాత్రి 10:52కి ఒకావిడ పంపిన మెసేజ్.

"భయ్యా, వరంగల్ నుంచి వచ్చినం. బిడ్డ పెళ్లి గాజులు కావాలె. చార్మినార్ కాడ ఉన్నం. మీ షాపు ఎటు దిక్కు?"

అదే 10:52కి షాపు నుంచి జవాబు వెళ్లింది. "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు. దుకాణం ఇప్పుడు మూసి ఉంది. రేపు ఉదయం 11 గంటలకు తెరుస్తాం."

దాని కింద ఆవిడ చివరి మాట. "సరే భయ్యా. రేపు మేం ఉండం."

ఆవిడ నిలబడ్డ చోటుకి షాపు నాలుగడుగుల దూరం. ఆ నిమిషంలో షాపులో దీపాలన్నీ వెలుగుతున్నాయి. ముగ్గురు పనివాళ్లు గాజులు తీసి చూపిస్తున్నారు. ఫోన్ మాత్రం గల్లాపెట్టె పక్కన పడి ఉంది, దాన్ని చూసే తీరిక ఎవరికీ లేదు. పెళ్లి గాజులంటే ఒక్క జత కాదు. పెళ్లికూతురికి, అక్కచెల్లెళ్లకు, పెట్టుబడులకు కలిపి డజన్ల లెక్కన పోతాయి. ఆ బేరం గడప దాకా వచ్చి వెనక్కి పోయింది.

"ఈ ఆటోమేటిక్‌ది తీసి పారేయ్ అన్నా. అబద్ధాలు చెప్తున్నది" అన్నాడాయన.

"అది అబద్ధం చెప్పలేదు భాయ్. మీరు చెప్పమన్నదే చెప్పింది" అన్నాను.

వాట్సాప్ బిజినెస్ యాప్ మన దేశంలోకి 2018 జనవరిలో వచ్చింది. చిన్న దుకాణాల కోసం చేసిన ఉచిత యాప్ ఇది. ఇందులో దానంతటదే వెళ్లే మెసేజ్‌లు రెండు రకాలు. `Business tools` తెరిస్తే `Greeting message`, `Away message` అని విడివిడిగా కనిపిస్తాయి. మొదటిది గడపలో పలకరింపు. రెండోది తలుపుకి కట్టిన బోర్డు. ఆ షాపాయన కొడుకు, కాలేజీ కుర్రాడు, ఆరు నెలల కింద రెండూ ఒకేసారి ఆన్ చేసి చదువుకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాటిని ఎవరూ తెరవలేదు.

ముందు పలకరింపు సంగతి. ఎవరైనా మొదటిసారి మెసేజ్ పెట్టినప్పుడు గ్రీటింగ్ వెళ్తుంది. లేదా పాత మనిషే అయినా, ఆ చాట్‌లో 14 రోజులుగా ఏ మాటా నడవకుండా ఉండి మళ్లీ పలకరిస్తే వెళ్తుంది. వారం వారం మాట్లాడే ఖాతాదారుకి వెళ్లదు. ఈ 14 రోజుల లెక్కని మనం పెంచలేం, తగ్గించలేం. అన్నిటికన్నా ముఖ్యం, గ్రీటింగ్‌కి వేళల పట్టిక లేదు. పగలు పన్నెండుకైనా, తెల్లవారుజామున మూడింటికైనా ఒకే మాట వెళ్తుంది.

ఈ షాపు గ్రీటింగ్‌లో ఏముందో చూశాం. "స్వాగతం! ఒక్క నిమిషంలో మీకు జవాబిస్తాం" అని ఉంది. పగలు ఇది మంచి మాటే. అమెరికాలో ఉన్న మన తెలుగింటి అమ్మాయి అక్కడి సాయంత్రం మెసేజ్ పెడితే ఇక్కడ తెల్లవారుజాము. ఆమెకీ ఆ మాటే వెళ్తుంది. ఆ ఒక్క నిమిషం మర్నాడు పొద్దెక్కేదాకా సాగుతుంది. అందుకని గ్రీటింగ్‌లో టైముకి సంబంధించిన మాట ఏదీ ఉండకూడదు. అడగాల్సినవి అడిగితే చాలు. మేం ఇలా మార్చాం:

"అస్సలాము అలైకుమ్, నమస్తే. మీ గాజుల సైజు (రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది), చీర ఫోటో, ఏ తారీఖుకి కావాలో రాయండి. చూసి చెప్తాం."

దీనివల్ల ఇంకో మేలు జరిగింది. షాపాయన రాత్రి తీరిక చేసుకుని ఫోన్ తెరిచేసరికి సైజూ చీర రంగూ అక్కడే ఉంటున్నాయి. మళ్లీ అడిగి, మళ్లీ జవాబు కోసం చూసే పని తప్పింది. లక్క గాజులకు రంగు కలపడమే అసలు పని. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దూరపు ఊళ్ల నుంచి అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి చీర ఫోటోతోనే బేరం మొదలవుతుంది.

ఇక వరంగల్ ఆవిడని వెనక్కి పంపిన రెండోది. `Away message` తెరిస్తే `Schedule` అని ఉంటుంది. అందులో దారులు మూడే. `Always send` అంటే వేళతో పనిలేకుండా ఎప్పుడూ పంపు. `Custom schedule` అంటే ఫలానా తేదీ ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా పంపు. `Outside of business hours` అంటే షాపు వేళలు కానప్పుడు పంపు. కుర్రాడు మూడోది పెట్టాడు. మామూలు రోజులకి అదే సరైనది కూడా.

మరి తప్పెక్కడ? షాపు వేళలేమిటో ఆ పేజీలో ఉండదు. అది `Business profile` లోకి వెళ్లి, `Business hours` దగ్గర పెట్టే లెక్క. అవే మెసేజ్ మీద పెత్తనం చేస్తాయి. అసలు అక్కడ వేళలు నింపకపోతే మూడో దారి పనే చేయదు. ఈ షాపు ప్రొఫైల్‌లో రోజూ ఉదయం 11 నుంచి రాత్రి 9 అని ఉంది. రంజాన్ రాగానే షాపు వేళలు మారాయి. మధ్యాహ్నం రెండున్నరకి తెరిచి అర్ధరాత్రి దాటాక రెండింటి దాకా నడుపుతున్నారు. షట్టర్ కొత్త టైముకి మారింది, ప్రొఫైల్ పాత టైములోనే ఉండిపోయింది. అంటే రాత్రి 9 నుంచి 2 దాకా, సరిగ్గా ఏడాదిలోకెల్లా ఎక్కువ బేరం జరిగే ఆ అయిదు గంటలూ, ఫోన్ వచ్చినవాళ్లందరికీ "మూసి ఉంది" అని చెప్తూనే ఉంది.

"ఎన్ని రోజులాయె?" అన్నాడు షాపాయన. నేను చాట్‌లు పైకి జరిపాను. రంజాన్ మొదటి రోజు నుంచీ ఉన్నాయి. రాత్రి తొమ్మిది దాటిన ప్రతి కొత్త చాట్‌లో అదే మాట. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

మీ దుకాణంలో ఇలా జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలికే. రద్దీగా ఉన్న వేళ మీ ఫోన్‌లో పాత చాట్‌లు తెరిచి, ఆ టైములో వచ్చిన మెసేజ్ కింద మీరు రాయని జవాబు ఉందేమో చూడండి. లేదా ఇంట్లో వాళ్ల ఫోన్‌లో మీ షాపు ప్రొఫైల్ తెరిచి, అక్కడ కనిపించే వేళలు చూడండి. కొనేవాళ్లకి కనిపించేది ఆ పేజీయే.

వేళలు సరిచేయబోతే ఒక చిక్కు వచ్చింది. యాప్ వేళల్ని రోజు వారీగా అడుగుతుంది. ఆదివారానికి ఇన్ని నుంచి ఇన్ని, సోమవారానికి ఇన్ని నుంచి ఇన్ని అని. పాతబస్తీ రంజాన్ రోజు అలా తెగదు. సోమవారం రాత్రి రెండింటి దాకా తెరిచామంటే, ఆ చివరి రెండు గంటలు క్యాలెండర్ లెక్కలో మంగళవారం. ఒక రోజుకి రెండు ముక్కలుగా వేళలు ఇచ్చే వీలుంది కాబట్టి ప్రతి రోజునీ ఇలా రెండు ముక్కలు చేశాం. అర్ధరాత్రి 12:00 నుంచి 2:00 ఒకటి. మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 11:59 ఒకటి. మధ్యలో పోయే ఆ ఒక్క నిమిషం గురించి బెంగపడక్కర్లేదు.

శుక్రవారానికీ ఇదే సరిపోయింది. జుమా నమాజు అయ్యాకే తెరుస్తారు. రంజాన్ కాని రోజుల్లో మాత్రం శుక్రవారం వేరుగా రాయాలి. పొద్దున 11 నుంచి 1 దాకా ఒక ముక్క, నమాజు అయ్యాక 2:30 నుంచి రాత్రి 9 దాకా ఇంకో ముక్క. లేకపోతే షట్టర్ సగం దించి నమాజుకి వెళ్లిన గంటన్నరలో వచ్చిన మెసేజ్‌కి జవాబూ ఉండదు, బోర్డూ ఉండదు.

అప్పుడు పరీక్ష చేయాలనుకున్నాం. షాపాయన తన సొంత ఫోన్ నుంచి షాపు నంబర్‌కి "హలో" అని పెట్టాడు. గ్రీటింగ్ రాలేదు. "చూసినవా, ఖరాబైంది" అన్నాడు. ఖరాబు కాలేదు. ఆయన రోజూ ఆ నంబర్‌కి గాజుల ఫోటోలు పంపుకుంటాడు. 14 రోజుల లెక్క ఆయనకీ వర్తిస్తుంది. పైగా ఎవరెవరికి పంపాలో `Recipients` దగ్గర ఎంచుకోవాలి. కుర్రాడు `Everyone not in address book` పెట్టాడు, అంటే కాంటాక్టుల్లో లేనివాళ్లకే. నాన్న నంబర్ కాంటాక్టుల్లో ఉంటుంది కదా. ఇలాంటి పరీక్షకి ఆ షాపుతో ఎప్పుడూ మాట్లాడని, సేవ్ చేయని నంబర్ కావాలి. చివరికి పక్క అత్తరు దుకాణం కుర్రాడి ఫోన్ నుంచి పంపితే గ్రీటింగ్ వచ్చింది. రెండోసారి పంపితే రాలేదు. అదీ సరైనదే.

ఆ కాంటాక్టుల ఎంపిక తప్పా అని ఆయన అడిగాడు. తప్పు కాదు. గాజులు చేసే కారీగర్లకి, బేగంబజార్ నుంచి రాళ్లు, డబ్బాలు పంపేవాళ్లకి "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు" అని పోతే వాళ్లు నవ్వుకుంటారు. కానీ ఈయన మంచి ఖాతాదార్ల నంబర్లు కూడా సేవ్ చేసుకున్నాడు. షాపు మూసి ఉన్నప్పుడు వాళ్లకి ఏ కబురూ వెళ్లదు. అందుకని మూసినప్పటి మెసేజ్‌కి `Everyone except…` పెట్టి, కారీగర్లనీ సరుకు ఇచ్చేవాళ్లనీ మాత్రం అందులోంచి తీసేశాం. గ్రీటింగ్‌కి పాత పద్ధతే ఉంచాం. రెండిటికీ ఈ ఎంపిక విడివిడిగా ఉంటుంది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. పండగ మిగిలే ఉంది.

రంజాన్ ఈద్ ఏ రోజో ముందే తెలియదు. ఆ ఏడాది ఇక్కడ ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. 29 రోజులైతే పండగ 31న, 30 రోజులైతే ఏప్రిల్ 1న. అది తేలేది 29వ ఉపవాసం నాటి సాయంత్రం, నెలవంక కనిపించాకే. పండగ ముందు రాత్రి, చాంద్ రాత్, లాడ్‌బజార్ తెల్లవార్లూ తెరిచే ఉంటుంది. పండగ రోజు షట్టర్ దించేస్తారు.

చాంద్ రాత్ హడావుడిలో ఫోన్ ముట్టుకునే తీరిక ఉండదని షాపాయన ముందే జాగ్రత్తపడ్డాడు. నాతో చెప్పకుండా `Custom schedule` ఎంచుకుని ఏప్రిల్ 1 ఉదయం 5 నుంచి ఏప్రిల్ 3 ఉదయం 11 దాకా పెట్టేశాడు. "ఈద్ ముబారక్, పండగ సెలవు" అని మంచి మెసేజ్ కూడా రాశాడు. 30 ఉపవాసాలు వస్తాయని ఆయన అంచనా.

మార్చి 30 సాయంత్రం నెలవంక కనిపించింది. పండగ 31నే వచ్చింది. ఆ రోజంతా షాపు మూసి ఉంది. వచ్చిన మెసేజ్‌లకి మాత్రం ఏ జవాబూ వెళ్లలేదు. `Custom schedule` ఏప్రిల్ 1 కోసం కాచుకుని కూర్చుంది. అది పెట్టినందుకు `Outside of business hours` పక్కకి పోయింది. ఈ మూడు దారుల్లో ఒకసారి ఒక్కటే నడుస్తుంది, రెండు కలిపి నడవవు. కాబట్టి ఆ మధ్య రోజుల్లో రాత్రి రెండు దాటాక వచ్చిన మెసేజ్‌లకి కూడా జవాబు లేదు.

ఏప్రిల్ 3న షాపు తెరిచాక కూడా కథ అవలేదు. `Custom schedule` గడువు తీరాక పాత పద్ధతికి దానంతటది తిరిగి వెళ్లదు. గడువు తీరింది, ఊరుకుంది. ఇంకో వారానికి నేను చాయ్‌కి వెళ్లినప్పుడు చూస్తే, రాత్రిళ్లు ఎవరికీ ఏమీ వెళ్లడం లేదు. ప్రొఫైల్‌లో ఇంకా రంజాన్ వేళలే ఉన్నాయి. రాత్రి ఒంటిగంటకి షాపు తెరిచే ఉందని కొనేవాళ్లకి కనిపిస్తోంది. మొదట్లో తెరిచి ఉన్న షాపుని మూసి ఉందని చెప్పిన ఫోన్, ఇప్పుడు మూసిన షాపుని తెరిచి ఉందని చెప్తోంది.

ఇందులో యాప్‌ని తప్పుపట్టడానికేమీ లేదు. `Custom schedule` ఒక్క ముక్కే పట్టుకుంటుంది. ఇక్కడ నుంచి ఇక్కడిదాకా, ఒకే ఒక్కసారి. ప్రతి రోజూ తిరిగి వచ్చే వేళలు దానికి చెప్పలేం. నెలవంకని బట్టి జరుపుకో అనీ చెప్పలేం. హిజ్రీ ఏడాది మన క్యాలెండర్ కన్నా పది పదకొండు రోజులు చిన్నది, కనుక పోయిన ఏడాది తేదీలు ఈ ఏడాదికి పనికిరావు. పండగ మెసేజ్ మాటలు ముందే రాసి పెట్టుకోవచ్చు. తేదీలు మాత్రం నెలవంక కబురు వచ్చిన ఆ సాయంత్రమే పెట్టాలి. దానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఎవరివో ముందే పేరు పెట్టి అనుకోవాలి. ఈ షాపులో ఇప్పుడది కొడుకు పని.

ఇంకొక్కటి. మూసినప్పటి మెసేజ్ వెళ్లాలంటే షాపు ఫోన్‌కి ఇంటర్నెట్ ఉండాలి. చాలామంది ఇది గమనించరు. రాత్రి షట్టర్ దించి, ఫోన్‌ని స్విచాఫ్ చేసి గల్లాలో పెట్టి తాళం వేస్తే, సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నా ఆ రాత్రి ఎవరికీ కబురు వెళ్లదు. డేటా ప్యాక్ అయిపోయినా అంతే. పొద్దున చూస్తే కొన్ని రాత్రుల చాట్‌లలో జవాబు ఉండి, కొన్నిట్లో లేకపోతే, షెడ్యూలు కన్నా ముందు ఫోన్ ఆ వేళ ఆన్‌లో ఉందా అని ఆలోచించండి. ఈ షాపాయన ఇప్పుడు ఫోన్‌ని ఇంటికి తీసుకెళ్లి, వైఫైకి కలిపి, చార్జింగ్‌లో పెట్టి పడుకుంటాడు.

చివరగా మెసేజ్ మాటలు. వేళలు మళ్లీ ఎప్పుడో ఒకసారి తప్పుతాయి. కరెంటు పోతుంది, ఊరేగింపు వస్తుంది, షాపు ముందే మూసేస్తారు, లేదా ఆలస్యంగా దాకా తెరుస్తారు. అప్పుడు కూడా కొనేవాళ్లని వెనక్కి పంపని మాట కావాలి. "దుకాణం మూసి ఉంది" అనే వాక్యమే తీసేశాం. దాని బదులు ఇలా రాశాం:

"ఈ వేళ మెసేజ్‌లు చూడటం ఆలస్యం కావచ్చు. మీరు చార్మినార్ దగ్గరే ఉంటే ఒక్కసారి ఫోన్ చేయండి, షాపులో ఉంటే వెంటనే మాట్లాడతాం. లేకపోతే సైజు, చీర ఫోటో పంపండి, రేపు మధ్యాహ్నంలోగా చెప్తాం."

ఇది షాపు తెరిచి ఉన్నా నిజమే, మూసి ఉన్నా నిజమే.

వరంగల్ ఆవిడకి షాపాయన మర్నాడే ఫోన్ చేశాడు. "అమ్మా, ఫోన్ తప్పు చెప్పింది. మేం ఇక్కడే ఉన్నం" అన్నాడు. ఆవిడ నవ్వి, "గాజులు పక్క గల్లీలనే కొన్నం భయ్యా, మంచిగనే ఉన్నయి" అంది. ఆయన ఆ నంబర్ సేవ్ చేసుకున్నాడు. ఆవిడకి ఇంకో బిడ్డ ఉందట.